చుక్క లేని ణకారము, గీత లేని ఆకారము: రోమను లిపిలో శ్లోకమునకు జరుగుచున్న అపచారము



సంస్కృతశ్లోకమును రోమను లిపిలో వ్రాయవచ్చునా, వ్రాయరాదా అను వివాదమునకు కాలము చెల్లినది. వ్రాయుచునే ఉన్నారు. సముద్రములు దాటిన తెలుగు ఇండ్లలో పుట్టి, తెలుగు మాట వచ్చియు తెలుగు లిపి రాని పిల్లలకు స్తోత్రములు ఆ లిపిలోనే అందుచున్నవి. స్వదేశమందు ఆంగ్లమాధ్యమమున చదివిన యువకులకును చేతిలోని ఫోనులో అదే లిపి. ఇక వాదింపవలసినది ఒక్కటియే: ఎట్లు వ్రాయుచున్నారు?

మిక్కిలి అశ్రద్ధగా వ్రాయుచున్నారు. ఆ అశ్రద్ధకు "సులభము" అని పేరు పెట్టుచున్నారు.

ఒక ఇంట జరిగిన సంగతి చూడుడు. అమెరికాలో నివసించు ఒక బాలునికి వారాంతపు తరగతిలో ఒక శ్లోకపత్రము నిచ్చిరి. అది బాలుర ఉచ్చారణాభ్యాసమునకై కూర్చిన సరళమైన అనుష్టుప్పు. దాని అసలు రూపమిది:

పాఠే పాఠే స్ఫుటం వర్ణం దీర్ఘం హ్రస్వం చ రక్షతి ।
యః శిష్యస్తస్య వాణ్యాం తు ప్రీతా వసతి శారదా ॥

ప్రతి పాఠమునందును ఏ శిష్యుడు వర్ణమును స్ఫుటముగా, దీర్ఘమును దీర్ఘముగా, హ్రస్వమును హ్రస్వముగా కాపాడునో, వాని వాక్కునందు శారద ప్రీతురాలై వసించును అని అర్థము. బాలుని చేతికి వచ్చిన పత్రములో మాత్రము ఇట్లున్నది:

```
pathe pathe sphutam varnam dirgham hrasvam cha rakshati
yah shishyas tasya vanyam tu prita vasati sharada
```

వాడు రాజమహేంద్రవరములోని అమ్మమ్మకు ఫోనులో చదివి వినిపించెను. ఆమె మొదటి పాదము వద్దనే ఆపినది.

"నాయనా, ఆ 'పతే పతే' ఎక్కడిదిరా?"

"పేపర్‌లో అలానే ఉంది అమ్మమ్మా. చెల్లి పేరు Geetha అని రాస్తాం కదా, th అంటే 'త' కదా!"

బాలుని తర్కములో దోషము లేదు. తెలుగువారు గీతను, లతను, శరత్తును ఆంగ్లమున వ్రాయునపుడు తకారమునకు th వాడుట రూఢి. ఆ రూఢి ప్రకారము వాడు చదివినది సరియే. కాని "పతే" అనగా సంస్కృతమున "ఓ ప్రభూ" అను సంబోధనము. "ప్రతి పాఠమునందును" అను మాట "ఓ నాథా, ఓ నాథా" అయినది. మరియొకడు అదే th ను థకారముగా గ్రహించి "పథే పథే" అని చదువును. వేరొకడు ఠకారమును ఊహించియు దీర్ఘమును వదలి "పఠే పఠే" అనును. పత్రము ఒక్కటి, పాఠములు మూడు. అందులో ఒక్కటియు శ్లోకకర్తది కాదు.

ఈ కీడునకు మందు నేడు క్రొత్తగా కనుగొనవలసినది కాదు. 1894లో జెనీవా నగరమున జరిగిన ప్రాచ్యవిద్యా పండితుల అంతర్జాతీయ మహాసభలో లిప్యంతరీకరణమునకై ఒక సంఘము పద్ధతిని నిర్ణయించినది. నేడు ఐ.ఎ.ఎస్.టి. అను పేర వ్యవహరింపబడునది ప్రధానముగా ఆ పద్ధతియే. దాని ప్రాణమంతయు ఒక్క నియమములో ఉన్నది: సంస్కృతవర్ణము ఒక్కొక్కదానికి ఒక్కటే గుర్తు, ఆ గుర్తునకు ఆ వర్ణము తప్ప వేరొకటి లేదు. ఆ పద్ధతిలో పై శ్లోకము ఇట్లుండును:

```
pāṭhe pāṭhe sphuṭaṃ varṇaṃ dīrghaṃ hrasvaṃ ca rakṣati |
yaḥ śiṣyas tasya vāṇyāṃ tu prītā vasati śāradā ||
```

"ఇన్ని చుక్కలు, ఇన్ని గీతలు! పిల్లలకు కష్టము" అని పత్రములు ముద్రించువారు చెప్పు మొదటి మాట. లెక్కించి చూతము. ముప్పదిరెండు అక్షరముల ఈ శ్లోకములో గుర్తులు మొత్తము 24. వానిలో 9 దీర్ఘమును తెలుపు పైగీతలు, 13 క్రిందిచుక్కలు, 2 తాలవ్య శకారము పైనుండు వాలుగీతలు. అనగా పిల్లవాడు నేర్వవలసిన ఆకారములు మూడే. పైగీత కనబడినచో రెండు మాత్రల కాలము నిలుపవలెను. t, d, n, s ల క్రింద చుక్క కనబడినచో నాలుక కొనను వెనుకకు మడచి మూర్ధస్థానమునకు చేర్చవలెను. m క్రింద చుక్క అనుస్వారము, h క్రింద చుక్క విసర్గము. ś అనునది శంకరునిలోని శకారము. ఇది ఒక పూటలో వచ్చు విద్య. ఆంగ్లములో ఒకే ough ను అరడజను విధముల పలుకుట నేర్చిన బాలునికి ఈ మూడు గుర్తులు బరువగునా? బరువు బాలునికి కాదు, పత్రము సిద్ధము చేయువారి సోమరితనమునకు.

గుర్తులు పోయినచో ఏమి పోవునో నాలుగవ పాదము చాలు చెప్పుటకు. "ప్రీతా వసతి శారదా" అను ఎనిమిది అక్షరములు గురు గురు లఘు లఘు లఘు గురు లఘు గురు. అనుష్టుప్పులో ప్రతి పాదమునందును అయిదవది లఘువు, ఆరవది గురువు కావలెను. సమపాదములలో ఏడవది లఘువు కావలెను. ఇక్కడ ఆరవది "శా". ఇప్పుడు పత్రములోని prita vasati sharada ను, వ్రాసినది వ్రాసినట్లు, చదువుడు: ప్రిత వసతి శరద. ఎనిమిదియు లఘువులే! పాదాంతము గనుక చివరిదానిని గురువుగా ఎంచుదమన్నను ఆరవది నిలువదు. పద్యము పద్యముగా మిగులలేదు, వట్టి అక్షరముల వరుస అయినది. "ప్రిత" అను శబ్దమునకు అర్థమును లేదు.

ఇందు తెలుగువారికి ప్రత్యేకముగా పొంచియున్న గోతి ఒకటి కలదు. సంస్కృతమున ఆకారాంతములైన స్త్రీలింగ శబ్దములు తెలుగులోనికి వచ్చునపుడు చివర హ్రస్వమును పొందుట మన భాషా సంప్రదాయము. సీతా సీత అయినది, గీతా గీత అయినది, శారదా శారద అయినది. కావున sharada అని కనబడగనే తెలుగు నాలుక తన ఇంటి మాటయైన "శారద"ను పలికి తృప్తి పడును. తప్పు జరిగినదని దానికి తోచను కూడ తోచదు. కావున తెలుగువారి పత్రములలో పదము చివరి పైగీతను మరి రెట్టింపు జాగ్రత్తతో కాపాడవలెను.

"ఛందస్సు తెలిసినవాడు తప్పును తానే పట్టుకొనును గదా" అని కొందరు పండితులు ఉదాసీనముగా ఉందురు. అదియు భ్రమయే. మూడవ పాదములోని "వాణ్యాం తు" అను భాగమును చూడుడు. గుర్తులు తీసివేయగా vanyam tu అయినది. దానిని "వన్యం తు" అని చదివినను మొదటి అక్షరము సంయుక్తమునకు ముందున్నది గనుక గురువే, రెండవది అనుస్వారము వలన గురువే. ఛందస్సు చెక్కు చెదరలేదు! కాని "వాక్కునందు" అను సప్తమీ విభక్తి పోయి "అడవికి చెందినది" అను మాట వచ్చి కూర్చున్నది. శారదాదేవిని వాక్కునుండి వెడలగొట్టి అరణ్యమునకు పంపినారు. ఒక దీర్ఘము, ఒక మూర్ధన్యము, మరల ఒక దీర్ఘము: మూడు గుర్తులు పోయినందున ఇది జరిగినది. మొదటి పాదములోని "పతే పతే"ను కూడ అనుష్టుప్పు ఆక్షేపింపదు. ఛందస్సు కావలివాడే, కాని ఒక కన్ను మూసియుంచు కావలివాడు. లిపియే సరిగా ఉండవలెను.

చదువరులు తడబడు స్థలములు కొన్ని కలవు. IAST లో c అనగా చకారము, ch అనగా ఛకారము. ఆంగ్లమునకు అలవడిన కన్ను ca ను "క" అని చదువబోవును. అందుచేత పత్రము తయారు చేయువారు జాలిపడి cha అని మార్చుదురు. ఆ జాలితో చకారమునకు ఛకారము వచ్చును. t త, th థ, ṭ ట, ṭh ఠ అను నాలుగింటిని ఒక వరుసలో పత్రము తలపైన వ్రాసి, క్రింద c, ch లను చేర్చినచో ఆ జాలి అవసరముండదు.

ఇక e, o ల సంగతి. తెలుగున ఎ, ఏ లు వేరు. ఒ, ఓ లు వేరు. సంస్కృతమున హ్రస్వములైన ఎకార ఒకారములు లేవు. ఉన్న రెండును ఎల్లప్పుడు దీర్ఘములే, కావున IAST వానిపై గీత పెట్టదు. pāṭhe అని చూచిన తెలుగువాడు "గీత లేదు గనుక పాఠె" అనుకొనుట సహజము. 2001లో వెలువడిన ISO 15919 అను ప్రమాణము తెలుగు మొదలగు భాషలను కూడ ఉద్దేశించినది గనుక ఏ, ఓ లకు ē, ō అని పైగీతతో వ్రాయును. ఒకే పుస్తకములో సంస్కృతస్తోత్రమును, తెలుగు కీర్తనమును కలిపి అచ్చువేయువారికి ఆ పద్ధతియే మేలు. ఏది గ్రహించినను దోషము లేదు. కాని ఒక పుటలో ఒకటి, మరియొక పుటలో వేరొకటి కలిపిన కిచిడీ పద్ధతి ఈ రెండింటికంటె దూష్యము. ఆ ప్రమాణములో ఋకారమునకు r̥, అనుస్వారమునకు ṁ గుర్తులు కావున కలిపినచో ఇబ్బంది వెంటనే కనబడును.

"చుక్కలు కంప్యూటరులో పడవు" అనునది రెండవ సాకు. ఒకప్పుడు ఇందు కొంత సత్యముండెడిది. చుక్కల అక్షరములు లేని కాలమున హార్వర్డ్-క్యోటో అను పద్ధతి పుట్టినది. అది సాధారణ కీబోర్డు అక్షరములతోనే, పెద్దక్షరములకు దీర్ఘ మూర్ధన్యముల పని అప్పగించి వ్రాయును:

```
prItA vasati zAradA
```

పండితులు తమలో తాము వ్రాసికొనుటకు అది చక్కని ఉపాయము. భక్తులకు పంచు పత్రమునకు మాత్రము ప్రమాదకరము. అందులో R అనగా ఋకారము. గౌరవార్థము రాముని పేరును పెద్దక్షరముతో మొదలుపెట్టిన క్షణమున రేఫము పోయి ఋకారము వచ్చి కూర్చుండును. శీర్షికనంతటిని పెద్దక్షరములలోనికి మార్చినచో హ్రస్వములన్నియు దీర్ఘములగును. అచ్చు కూర్చువాడు ఒక్క మీట నొక్కుటతో శ్లోకమంతయు నాశనమగును, వానికి తెలియను కూడ తెలియదు. IAST లో ఆ భయము లేదు. Śāradā అని మొదటి అక్షరము పెద్దదైనను గుర్తు గుర్తుగానే నిలుచును.

నేడు యూనికోడ్ లో ā, ṭ, ṇ మొదలగు ప్రతి అక్షరమునకును స్థానము కలదు. ఫోనులో a మీద వ్రేలు నొక్కిపట్టినచో ā సాధారణముగా దొరకును, ṭ మాత్రము చాల ఫోనులలో దొరకదు. దాని ఫలముగా గీతలు మాత్రము పెట్టి చుక్కలు వదలిన పత్రములు ఇప్పుడు బయలుదేరినవి. ఇవి మొదటివానికంటె మోసకరములు. పైగీతలు చూచినవాడు ఇది శాస్త్రీయమైన పాఠమని నమ్మి, చుక్క లేని n ను నిశ్చయముగా నకారమని పలుకును. దీనికి ఉపాయము తెలుగు లిపిలోనే శుద్ధముగా టైపు చేసి, "అక్షరముఖ" వంటి లిపిమార్పిడి సాధనము ద్వారా IAST లోనికి మార్చుకొనుట.

అయినను యంత్రమును నమ్మి నిద్రింపరాదు. తెలుగు లేఖనమున వర్గాక్షరములకు ముందున్న అనునాసికములన్నింటికిని సున్న వాడుట అలవాటు. శంకర, పండిత, శాంత అని మనము వ్రాయుదుము. యంత్రము ఆ సున్నను చూచి śaṃkara, paṃḍita, śāṃta అని ఇచ్చును. ఇవి తప్పులని అనరాదు గాని, సున్న వెనుక దాగిన వర్ణము బయటికి రాలేదు. పండితశబ్దములోనిది మూర్ధన్యమైన ణకారము. టవర్గమునకు ముందు అనునాసికము మూర్ధన్యమే కావలెను. కావున paṇḍita, śaṅkara, śānta అని ముద్రించుట మేలు. తెలుగు రాని బాలుడు paṃḍita ను "పమ్‌డిత" అని పలుకుట అనేక తరగతులలో వినబడు వింతయే. మూలములో "పణ్డిత" అని ణకారముతోనే టైపు చేసినచో యంత్రమును సరిగా ఇచ్చును.

పత్రము సరియైనదో కాదో తెలిసికొనుటకు విద్వత్తు కంటె ఒక చిన్న పరీక్ష ఎక్కువ ఉపయోగించును. మూలమును చూడని, తెలుగు లిపి చక్కగా తెలిసిన ఒకరికి రోమను పత్రమును మాత్రము ఇచ్చి, దానిని మరల తెలుగులోనికి వ్రాయుమనవలెను. ఊహ చేయరాదు, కనబడినది మాత్రమే వ్రాయవలెను. ఆ ప్రతిని మూలముతో అక్షరమక్షరము పోల్చవలెను. శుద్ధమైన IAST పాఠమునుండి పై శ్లోకము ముప్పదిరెండు అక్షరములతో యథాతథముగా తిరిగి వచ్చును. గుర్తులు లేని పత్రమునుండి పథే, స్ఫుతం, వర్నం, దిర్ఘం, వన్యం, ప్రిత, శరద బయటికి వచ్చును. పోయిన వస్తువు తిరిగి రాదు గదా. ఈ పరీక్షకు ఒక గంట పట్టదు. పంచిన వందల పత్రములను వెనుకకు తీసికొనుటకు మాత్రము ఒక జీవితము చాలదు.

"భగవంతునకు భక్తి ముఖ్యము, చుక్క కాదు" అని మూడవ మాట. వినుటకు ఇది ఎంత మధురమో అంత తప్పుదారి పట్టించును. బాలుని తొట్రుపలుకును భగవంతుడు స్వీకరించును, అందు సందేహము లేదు. కాని ఆ క్షమ చదివినవానికి చెందును, తప్పు ముద్రించి పంచినవానికి కాదు. బాలుని భక్తిని తన అజాగ్రత్తకు కవచముగా వాడుకొనుట ఏ శాస్త్రమునను కనబడదు. ఇంటి దస్తావేజులో తన పేరులో ఒక్క అక్షరము తప్పినచో నెలల తరబడి కార్యాలయముల చుట్టు తిరుగువాడు, దేవత పేరులో రెండు దీర్ఘములు పోయినచో "పరవాలేదు" అనుట ఎట్టి భక్తి?

వైదికులలో కొందరి ఆక్షేపము మాత్రము వేరు. "వేదము గురుముఖమున నేర్వవలసినది, ఏ లిపియు చాలదు" అందురు. మంత్రముల విషయమున ఇది సత్యము. ఉదాత్తానుదాత్తస్వరితములు లేని రోమను పాఠము మంత్రాభ్యాసమునకు పనికిరాదు. పాశ్చాత్య ముద్రణములలో ఉదాత్తమునకు á వంటి గుర్తు పెట్టుట కలదు గాని, దానిని చూచి స్వరము పలుకుట సాధ్యము కాదు. పైగా IAST లో ఒక లోపమును కలదు. ఋగ్వేదములోని ళకారమునకును, ఌకారమునకును ḷ అను ఒకే గుర్తు వాడబడుచున్నది. īḷe లోని ళకారము హల్లు, kḷpta లోనిది అచ్చు. ISO పద్ధతి అచ్చునకు l̥ అని వేరు చేసినది. ఈ మేరకు దాని పక్షమే బలమైనది. అయితే స్తోత్రములకు, సుభాషితములకు, బాలుర శ్లోకములకు ఈ ఆక్షేపమును చాచి "కావున ఎట్లు వ్రాసినను ఒక్కటే" అనుట న్యాయము కాదు. గురువు నోట "వాణ్యాం" అని విని, ఇంటికి వచ్చి పత్రమున vanyam అని చూచిన బాలుడు ఏది నమ్మును? వారములో ఒక్క గంట వినిన చెవి కంటె, ప్రతిదినము చూచు కన్నే గెలుచును.

రాజమహేంద్రవరములోని ఆ అమ్మమ్మ మనుమని తిట్టలేదు. ఫోనులో ఒక్కొక్క అక్షరమును పలుకుచు, ఎక్కడ గీత గీయవలెనో, ఎక్కడ చుక్క పెట్టవలెనో చెప్పుచు పోయినది. వాడు పెన్సిలుతో పత్రముపై గుర్తులు పెట్టుకొనెను. మొదటి రెండు మాటలకు పైగీత, t క్రింద చుక్క. అట్లు చివరి మాట వరకు వచ్చినారు.

"ఇప్పుడు చదువు."

"...ప్రీతా వసతి శారద."

"చివర ఇంకొక గీత ఉన్నది నాయనా. అది మన ఇంటి శారద కాదు, సంస్కృతపు శారదా."

వాడు d ప్రక్కనున్న a మీద గీత గీసి, మరల మొదటినుండి ఎత్తుకొనెను.